ఫోటోలో లావుగా పడటానికి అసలు కారణం

[దృశ్యం: పెళ్లి మండపం. వేదిక మీద ఖాళీ సోఫా. మెడలో కెమెరాతో ఫోటోగ్రాఫర్.]

"నన్ను తీయకు బాబూ, ఫోటోలో లావుగా పడతాను."

పెళ్లికి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒక పెద్దావిడ ఈ మాట అంటారు. ఇందులో సగం తప్పు మా ఫోటోగ్రాఫర్లదే. కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దదిగా పడుతుంది, దూరంగా ఉన్నది చిన్నదిగా పడుతుంది. భంగిమల గురించి నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి నుంచే వస్తుంది.

[దృశ్యం: ఒకే ముఖం, పక్కపక్కన రెండు ఫోటోలు.]

మన ముక్కు కొనకు, చెవులకు మధ్య సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుంది. అర మీటరు దూరం నుంచి తీస్తే చెవులతో పోలిస్తే ముక్కు దాదాపు నాలుగో వంతు ఎక్కువ పెద్దదిగా వస్తుంది. రెండు మీటర్ల దూరానికి జరిగితే ఆ తేడా ఆరు శాతానికి పడిపోతుంది. సెల్ఫీలో ముక్కు ఉబ్బినట్టు కనిపించేది ఇందుకే. ముక్కును తిట్టుకోవలసిన పని లేదు.

ఇప్పుడు పెళ్లికూతురి తల్లిని తీద్దాం. యాభై దాటిన మనిషి, కాస్త భారీ శరీరం, గంజి పెట్టినట్టు నిలబడే పట్టుచీర. ఆమె వేదిక మీద సోఫాలో వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. నేను వేదిక కింద ఉన్నాను. అంటే నా కెమెరా ఆమె మోకాళ్ల ఎత్తులో ఉంది. అన్నిటికంటే దగ్గర మోకాళ్లు, తర్వాత పొట్ట, చివరన ముఖం. గడ్డం కింది భాగం కూడా పూర్తిగా కనిపిస్తోంది. ఇంతకంటే చెడ్డ కోణం వెతికినా దొరకదు!

[దృశ్యం: ఆ ఫోటో. తర్వాత ఆమె లేచి నిలబడతారు.]

"అమ్మా, ఒక్కసారి లేచి నిలబడండి" అంటాను. నేను వేదిక ఎక్కి, నాలుగున్నర మీటర్లు వెనక్కి వెళ్లి, 85 మిల్లీమీటర్ల లెన్స్ పెడతాను. కెమెరా ఆమె నడుము ఎత్తులో ఉంచితే నిలువెత్తు ఫోటోలో కాళ్లు పొట్టిగా పడవు. ఫోనయితే రెండు రెట్లు జూమ్ చేసి, అంతే వెనక్కి నడవండి.

మామూలు కట్టులో పైట ఎడమ భుజం మీదికి వెళుతుంది కాబట్టి నడుము ఎడమ వైపు తెరిచి ఉంటుంది, కుడి వైపు చీర కప్పేస్తుంది. అందుకే ఆమె కుడి భుజం నా వైపు వచ్చేలా కొద్దిగా తిరగమంటాను. పూర్తి పక్కకు కాదు, సగానికి సగం చాలు. పైట అంచు ఏటవాలుగా పైకి వెళ్లి, చూపును నడుము దగ్గర ఆగనివ్వదు. బరువు వెనక ఉన్న ఎడమ కాలి మీద వేయమంటాను. అప్పుడు తుంటి కెమెరాకు దూరమవుతుంది.

ఇక చేయి. ఒంటికి అదిమి పెట్టిన చేయి ఒత్తుకుని వెడల్పవుతుంది. దానికి తోడు చేయి, నడుము కలిసిపోయి ఒకే మొత్తంలా కనిపిస్తాయి. మోచేతిని నాలుగు వేళ్ల మందం వెనక్కి జరిపితే మధ్యలోంచి వెలుతురు కనిపిస్తుంది. ఆ సందు కనిపించిందంటే పని అయినట్టే.

[దృశ్యం: గడ్డం కదలిక, ముందు నుంచి, పక్క నుంచి.]

చివరగా గడ్డం. "తల ఎత్తండి" అనకండి, మెడ బిగుసుకుంటుంది. తాబేలు తల బయటపెట్టినట్టు నుదుటిని కాస్త ముందుకు తెచ్చి, తర్వాత గడ్డం కొద్దిగా దించమనండి. పక్క నుంచి చూస్తే నవ్వు వస్తుంది కానీ, ముందు నుంచి దవడ గీత స్పష్టంగా తేలుతుంది. మెడ నరాలు బయటపడినా, భుజాలు చెవుల దాకా లేచినా అతి అయిందని అర్థం. ఊపిరి వదలమని చెప్పి, మళ్లీ మొదలుపెట్టండి.

సన్నగా, పొడుగ్గా ఉన్న పెళ్లికొడుక్కి ఇవే సూచనలు చెబితే మాత్రం కర్రలా తయారవుతాడు. అతన్ని నేరుగా నా వైపు తిప్పి, సోఫా అంచున కూర్చోబెట్టి, మోచేతులు తొడల మీద ఆనించి ముందుకు వంగమంటాను. భుజాలు కెమెరాకు దగ్గరై వెడల్పుగా పడతాయి. వెలుతురు పక్క నుంచి పడితే బుగ్గలు ఇంకా లోతుగా కనిపిస్తాయి కాబట్టి ముందు నుంచి మెత్తగా పడనివ్వాలి.

[దృశ్యం: ఇరవై మంది బంధువుల గ్రూప్ ఫోటో.]

గ్రూప్ ఫోటోలో ఈ మెళకువలేవీ పనిచేయవు, అంతమందిని తిప్పే తీరిక ఎవరికి ఉంటుంది? ఒక్కటి మాత్రం చూసుకోండి. వెడల్పు లెన్స్ అంచుల దగ్గర మనుషులను పక్కలకు సాగదీస్తుంది. మొహమాటపడే పెద్దమ్మగారు ఎప్పుడూ వరుస చివరకు వెళ్లి నిలబడతారు. ఆవిడను పిలిచి పెళ్లికూతురి పక్కన నిలబెట్టి, అంచుకు బక్కపలచని మేనల్లుణ్ని పంపండి. వాడికి నాలుగు కిలోలు పెరిగినట్టు పడుతుంది, సంతోషిస్తాడు.