కరెంటు ఉండగానే ఇన్వర్టర్ బ్యాటరీ ఎందుకు అయిపోతోంది?

[దృశ్యం: రాత్రి ఎనిమిది గంటలు. స్నానాల గదిలో గీజర్ దీపం వెలుగుతోంది. హాల్లో ఇన్వర్టర్ మీద బ్యాటరీ దీపం కూడా వెలుగుతోంది.]

ఈ రెండు దీపాలనూ ఒకసారి చూడండి. గీజర్‌కు ఇన్వర్టర్ లైను లేదు, అది నేరుగా మీటరు నుంచి వస్తుంది. దాని దీపం వెలుగుతోందంటే ఇంట్లో కరెంటు ఉన్నట్టే. అయినా ఇన్వర్టర్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. ఏదీ పాడవలేదు, ఏదీ అబద్ధం చెప్పడం లేదు. ఈ వీడియో అంతా ఈ రెండు దీపాల గురించే.

ఇది బెంగళూరులో, కె.ఆర్.పురం దాటాక మా అక్క వాళ్లు అద్దెకుంటున్న ఇల్లు. ఫ్రిజ్, టీవీ, కంప్యూటర్, ఇంటర్నెట్ రౌటరు, 900 వీఏ సైన్ వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. సాయంత్రం కరెంటు పోతే గంటలోపే ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోతోంది. చూడటానికి వచ్చిన మెకానిక్ బ్యాటరీ మార్చేయమన్నాడు.

"ఏడాది కూడా కాలేదు కదా తమ్ముడూ, అప్పుడే బ్యాటరీ పోతుందా?" అని అక్క అడిగింది.

బ్యాటరీని తప్పుపట్టే ముందు లెక్క చూద్దాం. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది. కాబట్టి చేతికి వచ్చేది దాదాపు 1100 అనుకుందాం. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ దీపాలు, టీవీ, రౌటరు కలిపి 280 వాట్లు. అంటే నాలుగు గంటలు రావాలి, వస్తున్నది ఒక గంట. బ్యాటరీ చచ్చిపోయిందా, లేక కరెంటు పోయేనాటికే ఖాళీ అయిందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు.

[దృశ్యం: సాకెట్‌లో గుచ్చిన చిన్న వోల్ట్ మీటరు. తెర మీద 172.]

మన ఇళ్లకు రావలసింది 230 వోల్టులు. సాకెట్‌లో గుచ్చితే అంకె చూపించే చిన్న వోల్ట్ మీటర్లు ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతాయి. మల్టీమీటరు అలవాటు లేనివారికి ఇదే మేలు, చేతికి తీగ తగిలే పని ఉండదు. ఇన్వర్టర్‌తో సంబంధం లేని సాకెట్‌లో దాన్ని పెట్టి రోజులో నాలుగు వేళల్లో అంకె రాసుకోండి. అక్క వాళ్లింట్లో వచ్చినవి ఇవి: తెల్లవారి అందరూ బోరు మోటార్లు వేసే వేళ 198, మధ్యాహ్నం 228, రాత్రి ఎనిమిదికి 172, వీధంతా నిద్రపోయాక రెండు గంటలకు 251.

ఇక్కడ ఒక పరీక్ష తప్పకుండా చేయాలి. వోల్టేజీ తక్కువగా ఉన్నది వీధిలోనా, మన గోడలోనా? గీజర్ వేసి అంకె చూడండి. రెండు మూడు వోల్టులు తగ్గితే సరే. పది, పదిహేను పడిపోతే మీటరు నుంచి సాకెట్ దాకా ఎక్కడో కీలు వదులైంది, లేదా తీగ సన్నగా ఉంది. అలాంటి ఇంట్లో స్టెబిలైజరు పెట్టినా ఆ వదులు కీలు వేడెక్కుతూనే ఉంటుంది, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. అక్క వాళ్లింట్లో తగ్గింది రెండే వోల్టులు. కాబట్టి జబ్బు వీధిది.

ఇప్పుడు ఇన్వర్టర్ దగ్గరకు వద్దాం. వెనకవైపు ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు యూపీఎస్, మరోవైపు నార్మల్ అని ఉంటుంది. కొన్నవాళ్లలో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోరు. యూపీఎస్ వైపు ఉంటే, లోపలికి వచ్చే వోల్టేజీ దాదాపు 180కి తగ్గినా, 260 దాటినా ఇన్వర్టర్ దాన్ని కరెంటుగా లెక్కపెట్టదు, వెంటనే బ్యాటరీకి మారుతుంది. నార్మల్ వైపు ఉంటే దాదాపు వంద వోల్టుల దాకా సర్దుకుపోతుంది. ఈ హద్దులు కంపెనీని బట్టి కొంత మారతాయి, మీ ఇన్వర్టర్ పుస్తకంలో చూసుకోండి.

రాత్రి ఎనిమిదికి 172. ఇన్వర్టర్ హద్దు 180. తెలిసిపోయింది కదా. ఏడు నుంచి పది దాకా వీధిలో కరెంటు ఉన్నా ఈ ఇల్లు బ్యాటరీ మీదే నడుస్తోంది. ఇక తొమ్మిదిన్నరకు నిజంగా కరెంటు పోతే అందులో ఏం మిగిలి ఉంటుంది?

"అయితే ఆ స్విచ్ నార్మల్‌కు మార్చేస్తే సరిపోదా?" అని అక్క అడిగింది. మార్చి చూశాం. బ్యాటరీ ఖాళీ కావడం ఆగింది. కానీ రెండు కొత్త చిక్కులు వచ్చాయి. కరెంటు ఉన్నంతసేపూ ఇన్వర్టర్ వోల్టేజీని సరిచేయదు, వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి పంపుతుంది. 172 వస్తే ఫ్యాన్‌కు 172 అందుతుంది, అది ఈగలు తోలుకునేంత వేగంతో తిరుగుతుంది. రెండోది, నార్మల్‌లో బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఎక్కువ. యూపీఎస్‌లో దాదాపు 10 మిల్లీసెకన్లు అయితే ఇక్కడ 40 దాకా పోవచ్చు. ఫ్యాన్‌కు అది తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. కరెంటు పోయిన ప్రతిసారీ అది ఆగి మళ్లీ మొదలవుతోంది.

కాబట్టి స్విచ్ యూపీఎస్ మీదే ఉండాలి, ఇన్వర్టర్ లోపలికి మాత్రం 180కి పైన అందాలి. అందుకు స్టెబిలైజరు కావాలి, దాన్ని ఇన్వర్టర్‌కు ముందు పెట్టాలి.

[దృశ్యం: గోడ సాకెట్, స్టెబిలైజరు, ఇన్వర్టర్, తర్వాత ఇంటి లైను. బాణం గుర్తులు.]

ముందు అనే మాట గట్టిగా చెబుతున్నాను. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ తర్వాత, టీవీ దగ్గర ఒకటి, కంప్యూటర్ దగ్గర ఒకటి స్టెబిలైజర్లు కనిపిస్తాయి. వాటివల్ల ఇన్వర్టర్‌కు అందే వోల్టేజీ ఏమీ పెరగదు, బ్యాటరీ ఎప్పటిలాగే ఖాళీ అవుతుంది. పైగా కరెంటు లేనప్పుడు ఆ స్టెబిలైజర్ల ట్రాన్స్‌ఫార్మర్లు కూడా బ్యాటరీ నుంచే కొంత తింటాయి. సైన్ వేవ్ కాని పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే అవి గుయ్యిమంటూ వేడెక్కుతాయి కూడా.

సామర్థ్యం ఎంత? ఇంటి లైను దాదాపు 300 వాట్లు, కంప్యూటర్ 150, బ్యాటరీ చార్జింగ్ దాదాపు 270. మొత్తం 720. దుకాణంలో 1 కేవీఏ చాలంటారు. నేను 2 కేవీఏ తీసుకోమన్నాను. వోల్టేజీ తగ్గినప్పుడు అదే పనికి ఎక్కువ ఆంపియర్లు లాగవలసి వస్తుంది: 720 వాట్లకు 230 దగ్గర మూడు ఆంపియర్లు, 172 దగ్గర నాలుగుకు పైనే. స్టెబిలైజరు కరెంటును పుట్టించదు, వీధి నుంచే మరికాస్త లాగుతుంది. పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లూ కూడా పెట్టుకుంటే వీధి వోల్టేజీ ఇంకొంచెం కుంగుతుంది. న్యాయం కాదు, కానీ జరిగేది అదే.

కొనేటప్పుడు పెట్టె మీద కేవీఏ ఒక్కటే కాదు, ఇన్‌పుట్ రేంజ్ కూడా చూడండి. 170 నుంచి 270 అని ఉన్నది ఈ ఇంటికి పనికిరాదు, 172కే అది అంచు మీద ఉంటుంది. 140 దగ్గర మొదలయ్యేది కావాలి. బయటికి సరిగ్గా 230 రావాలని పట్టుబట్టకండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్‌కు మెట్లు ఉంటాయి, రిలేలు టిక్కుమంటూ ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు మారుస్తాయి. ఒక మెట్టు ఇరవై శాతం పెంచితే 172 కాస్తా 206 అవుతుంది. ఇన్వర్టర్‌కు, ఫ్యాన్‌కు అది చాలు.

అద్దె ఇంటివారికి ఒక సౌకర్యం: ఇన్వర్టర్ ప్లగ్గును గోడ సాకెట్ నుంచి తీసి స్టెబిలైజరుకు, స్టెబిలైజరును గోడకు పెడితే సరి. గోడ పగలగొట్టే పని లేదు, ఇల్లు మారేటప్పుడు తీసుకుపోవచ్చు.

[దృశ్యం: ఫ్రిజ్ వెనక కంప్రెసర్.]

ఫ్రిజ్‌ను ఈ వరుసలో కలపలేదు. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుకంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్‌కు ఆ భారం దేనికి? తలుపు తెరవకపోతే కరెంటు లేకుండానే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. దానికి వేరేగా చిన్న స్టెబిలైజరు పెట్టాం, కరెంటు వచ్చాక మూడు నిమిషాలు ఆగి అందించే టైమ్ డిలే ఉన్నది. కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్‌లో గ్యాసు పీడనం ఇంకా సమం కాదు. ఆ బరువు మీద మోటారు తిరగలేక వేడెక్కుతుంది. ఫ్రిజ్ కొన్ని సెకన్లు మూలిగి, టిక్కుమని ఆగి, కాసేపటికి మళ్లీ మూలుగుతుంటే అదే సంగతి. కంప్రెసర్ వేగం మార్చుకునే కొత్త ఇన్వర్టర్ ఫ్రిజ్‌లకు స్టెబిలైజరు అక్కరలేదని రాసి ఉంటుంది, ఎంత వోల్టేజీ మధ్య అక్కరలేదో కూడా ఆ పక్కనే రాసి ఉంటుంది. రెండో మాట కూడా చదవండి.

టీవీకి, చార్జర్లకు విడిగా ఏమీ కొనలేదు. వెనక చీటీ మీద INPUT: 100-240V అని ఉంటే 172 వాటికి లెక్కే కాదు. గీజర్‌కూ అంతే. 172 దగ్గర 2000 వాట్ల గీజర్ దాదాపు 1100 వాట్లే ఇస్తుంది. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, నష్టం లేదు.

టీవీకి అసలు భయం ఎక్కువ వోల్టేజీతో. అపార్టుమెంటుకు మూడు ఫేజులు వస్తాయి, న్యూట్రల్ తీగ అందరికీ ఒకటే. వేసవి చివర గాలివానలకు కొమ్మ విరిగిపడి ఆ న్యూట్రల్ తెగితే ఒక ఇంట్లో వంద వోల్టులు, పక్కింట్లో మూడు వందలకు పైన రావచ్చు. కొన్ని దీపాలు ఉన్నట్టుండి మండిపోయేంత వెలిగి, మరికొన్ని మసకబారితే ఆలోచించకండి, మెయిన్ స్విచ్ దించండి. స్పైక్ గార్డ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇక్కడ కాపాడదు. అది క్షణంలో వచ్చిపోయే పోటుకే. నిమిషాల పాటు మూడు వందలు నిలిస్తే అదే కాలిపోతుంది.

[దృశ్యం: డిస్ట్రిబ్యూషన్ బాక్సులో ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్.]

దీనికి మెయిన్ ఎంసీబీ పక్కన ఓవర్, అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ బిగించాలి. ఇది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని, ఇంటి యజమానికి చెప్పి చేయించాలి. పై హద్దు 270 పెట్టాం. కింది హద్దు 180 పెడదామని ఎలక్ట్రీషియన్ అన్నాడు. అలా పెడితే రోజూ రాత్రి ఏడింటికి ఇల్లంతా ఆగిపోతుంది! మనం రాసుకున్న అంకెలు చూసి 150 పెట్టాం. ఆయన అక్కడ ఉండగానే ఎర్త్ కూడా చూపించమన్నాం. ఫేజు నుంచి న్యూట్రల్‌కు, ఫేజు నుంచి ఎర్త్‌కు దాదాపు ఒకే వోల్టేజీ ఉండాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు.

స్టెబిలైజరు పెట్టిన వారం తర్వాత రాత్రి ఎనిమిదికి చూస్తే ఇన్వర్టర్ మీద మెయిన్స్ దీపమే వెలుగుతోంది. బ్యాటరీ మార్చలేదు. కంప్యూటర్ ఇన్వర్టర్ లైను మీదే నడుస్తోంది, కరెంటు పోయినా ఆగడం లేదు. అందుకే దానికి వేరే యూపీఎస్ కొనలేదు.

ఇక వీధి సంగతి. రాసుకున్న అంకెలు పారేయకండి. వీధి వోల్టేజీని సరిచేయగలిగేది బెంగళూరు విద్యుత్ సంస్థ బెస్కాం వాళ్లే: ఒక ఫేజు మీద ఎక్కువ ఇళ్లుంటే కొన్నింటిని మరో ఫేజుకు మార్చాలి, లేదా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరిచేయాలి. 1912కు ఫోను చేసినప్పుడు వోల్టేజీ తక్కువగా ఉందని మాత్రమే కాదు, ఏ వేళకు ఎంత ఉందో, గీజర్ వేస్తే ఎంత తగ్గిందో, పక్కిళ్లలో కూడా అలాగే ఉందో లేదో చెప్పండి. మీ కనెక్షన్‌ను గుర్తించడానికి బిల్లు మీద ఉన్న ఆర్ఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి, మొదట అడిగేది అదే.