రోహిణి కార్తెలో వంకాయ మొక్క: గ్రో బ్యాగా, మట్టి కుండీయా?

అందరికీ నమస్కారం. మన కాలనీలో మిద్దె తోట పెట్టుకోవాలనుకుంటున్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. గ్రో బ్యాగులు కొనమంటారా, మట్టి కుండీలు కొనమంటారా అని. ఏడాదిలో ఎనిమిది నెలలు ఈ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. జూలై నుంచి ఫిబ్రవరి దాకా దేంట్లో పెట్టినా వంగ కాస్తుంది, బెండ కాస్తుంది. తేడా తెలిసేది ఏప్రిల్, మే నెలల్లో. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, రోజంతా ఎండ పడే డాబా మీద. అందుకే నేను ఆ కాలం గురించే మాట్లాడతాను.

మా ఇల్లు హైదరాబాద్‌లోనే, రెండంతస్తుల పైన డాబా. పడమటి వైపు నీడనిచ్చే చెట్టుగానీ గోడగానీ లేదు. మొన్నటి వేసవిలో ఒకే నారు నుంచి తీసిన రెండు వంగ మొక్కలను పక్కపక్కన పెట్టాను. ఒకటి 12 అంగుళాల మట్టి కుండీలో, ఇంకొకటి 12 అంగుళాల గ్రో బ్యాగులో. రెండింటికీ ఒకే మట్టి మిశ్రమం. ఎర్రమట్టి ఒక వంతు, నానబెట్టి పిండిన కోకోపీట్ ఒక వంతు, వర్మీకంపోస్ట్ ఒక వంతు, పైన గుప్పెడు వేపపిండి. ఆ రెండు మొక్కలే నాకు చాలా నేర్పాయి.

మొదటి సంగతి మట్టి పోస్తుండగానే తెలిసింది. లీటరు మగ్గుతో కొలిచి పోశాను. పైన నీళ్లు నిలవడానికి చోటు వదిలితే కుండీ 10 మగ్గులకు నిండింది. బ్యాగులో 18 మగ్గులు పట్టింది. దుకాణంలో రెండింటినీ 12 అంగుళాలనే అంటారు. కానీ కుండీకి ఆ కొలత పై అంచు బయటివైపు నుంచి తీస్తారు. గోడ మందం అర అంగుళం లోపలికి పోతుంది, కిందికి వచ్చేకొద్దీ కుండీ సన్నబడుతుంది. బ్యాగు పైనా కిందా ఒకే వెడల్పు. కాబట్టి పేరుకు ఒకే సైజు అయినా వేళ్లకు దొరికే చోటు దాదాపు సగానికి సగం తేడా. చాలామంది కుండీలో వంగ సరిగా రాలేదంటారు. మట్టి పాత్ర తప్పు కాదది, మట్టి చాలకపోవడం. వంగకైనా టమాటాకైనా 18 నుంచి 20 లీటర్ల మట్టి ఉండాలి. కుండీలోనే పెట్టాలని మనసుంటే 16 అంగుళాలది తీసుకోవాలి. దాన్ని నింపాక ఇద్దరు పడితేగాని కదలదు.

ఇక ఎండ సంగతి. మట్టి కుండీ వేళ్లను చల్లగా ఉంచుతుందంటారు కదా. నిజమే. తాగేనీళ్ల కుండ చల్లబడే పద్ధతే ఇక్కడా పనిచేస్తుంది. గోడలోంచి తడి బయటికి ఊరి ఆవిరైపోతూ తనతో పాటు వేడిని తీసుకుపోతుంది. ఎంత ఊరుతుందో చూద్దామని మొక్క లేని ఒక కుండీని తడిపి, మూతికి ప్లాస్టిక్ కవరు బిగించి కట్టి, సామాన్లు తూచే కొక్కెం త్రాసుకు వేలాడదీశాను. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి తూచాను. 600 గ్రాములు తగ్గింది. అంటే అరలీటరు పైచిలుకు నీళ్లు మొక్క తాగకుండానే గోడలోంచి పోయాయి. చల్లదనానికి మనం కట్టే ధర ఇది.

మొక్కలున్న రెండింటినీ అలాగే తూచాను. మే నెల మూడో వారం, రెండింటికీ పిందెలున్నాయి. బ్యాగు పగలంతా కలిపి కేజీ ముప్పావు తగ్గింది, కుండీ రెండుంపావు కేజీలు. 10 లీటర్ల మట్టిలో మొక్క లాక్కోగలిగిన నీళ్లు మహా అయితే రెండున్నర, మూడు లీటర్లుంటాయి. పొద్దున తడిపిన కుండీ నాలుగింటికల్లా దాదాపు ఖాళీ అవుతుందన్నమాట. బ్యాగులో ఇంకా సగానికి పైగా మిగిలే ఉంటుంది.

ఇక్కడే అసలు మెలిక ఉంది. కుండీ గోడ తడిగా ఉన్నంతసేపే చల్లదనం. తడి అయిపోయిందా, అది ఎండలో పెట్టిన ఇటుకతో సమానం. మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడకు మూడు అంగుళాల లోపల థర్మామీటర్ గుచ్చి చూశాను. తడి కుండీలో 36 డిగ్రీలు. ఒకరోజు కావాలని పొద్దున నీళ్లు పోయకుండా వదిలేస్తే అదే కుండీలో 43. నల్ల రంగు ప్లాస్టిక్ బ్యాగులో 45 దాటింది. పైన తెల్లగా ఉన్న బ్యాగులో 39. మట్టి వేడి 40 దాటిందంటే వేళ్లు నీళ్లు లాగడం మందగిస్తుంది. నీళ్లున్నా మొక్క తాగలేదు.

అందుకే నల్ల బ్యాగులు మాత్రం కొనకండి. నర్సరీలో నారు మొక్కకు నల్ల కవరు పర్లేదు, అక్కడ నీడ ఉంటుంది. డాబా మీద తెల్లది కొనండి. ఇప్పటికే నల్లవో ముదురు ఆకుపచ్చవో కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు. పడమటి వైపు పాత గోనె సంచిని చుట్టండి. నేను తాటాకు బుట్ట ముక్కలు కూడా నిలబెట్టాను. ఎండ ఆకుల మీద పడాలి, సంచి పక్కల మీద పడకూడదు. మొక్కకు కావలసింది అంతే.

మొక్క ఎందుకు వాడిందో తెలుసుకునే పద్ధతి ఒకటి చెబుతాను. మధ్యాహ్నం రెండింటికి మొక్క తల వాల్చింది, మట్టిలో వేలు పెడితే తడి తగిలింది, పొద్దుగూకాక మళ్లీ నిటారుగా నిలబడింది. అది వేడి. అప్పుడు నీళ్లు పోయకండి, నీడ ఇవ్వండి. పొద్దున ఆరింటికి కూడా వాడే ఉంది, మట్టి పొడిగా ఉంది. అది దాహం. పొద్దున వాడే ఉంది, మట్టి మాత్రం తడిగా, కొంచెం కుళ్లిన వాసనతో ఉంది. అది వేరుకుళ్లు. ఇది ఎక్కువగా బ్యాగుల్లోనే చూస్తాం, కారణం చెబుతాను.

బ్యాగు అడుగు మెత్తన. మట్టి బరువుకు అది డాబాకు అతుక్కుపోతుంది. అడుగున ఉన్న రంధ్రాలు మూసుకుపోతాయి. పైన మట్టి బాగానే కనబడుతుంది, కింద నాలుగు అంగుళాలు బురద. మా ఇంట్లో మొదటి ఏడాది మూడు టమాటాలు ఇలాగే పోయాయి. బ్యాగు ఎత్తి చూస్తే కింద గచ్చు నల్లగా, జిగురుగా ఉంది. అప్పటినుంచి ప్రతి బ్యాగునూ రెండు ఇటుకల మీద, మధ్యలో సందు వదిలి పెడుతున్నాను. అడుగు నుంచి అంగుళం పైన, పక్కల్లో కూడా నాలుగు రంధ్రాలు వేడి చువ్వతో పొడుస్తాను. గచ్చు ఆరుతుంది, కింది ఇంటి శ్లాబుకు చెమ్మ దిగదు.

దీనికి సరిగ్గా ఉల్టా ఇంకో ఇబ్బంది ఉంది. రెండు రోజులు ఊరెళ్లి వస్తాం. కోకోపీట్ ఎక్కువున్న మట్టి ఎండిపోయి ముడుచుకుంటుంది, సంచికీ మట్టికీ మధ్య సందు పడుతుంది. మనం నీళ్లు పోస్తే ఆ సందులోంచి జారి పది సెకన్లలో కిందికి వచ్చేస్తాయి. నీళ్లు కారాయి కదా, తడిసిందనుకుంటాం. లోపల ముద్ద పొడిగానే ఉంటుంది. పోసిన వెంటనే కింద నీళ్లు కనబడితే అనుమానించండి. వేళ్లతో అంచు నొక్కి సందు మూసి, అరమగ్గు చొప్పున పది నిమిషాలకోసారి నాలుగుసార్లు పోయండి. బ్యాగును ఎత్తి చూస్తే బరువు చేతికే తెలుస్తుంది.

కుండీకి ఉన్న జబ్బు వేరే. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. గోడలోంచి నీరు ఆవిరైపోయి ఉప్పు అక్కడే ఉండిపోతుంది. కుండీ బయట సున్నం కొట్టినట్టు తెల్లగా కనబడేది అదే. లోపలి వైపు కూడా పేరుకుంటుంది, గోడను తాకే సన్న వేళ్ల కొసలు మాడతాయి, ఆకుల అంచులు ఎండుతాయి. పంట తీసేశాక కుండీని ఒక రోజు వాననీళ్లలో నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. తెల్లటి మరక కనబడకుండా పెయింటు వేసేవాళ్లున్నారు. పెయింటు వేస్తే గోడ ఊరడం ఆగిపోతుంది. ఇక అది బరువైన ప్లాస్టిక్ కుండీయే. అందం కావాలంటే పూలమొక్కల కుండీలకు వేసుకోండి, కూరగాయల వాటికి వద్దు.

టమాటా పెట్టినవాళ్లకు ఒక మాట. కాయ అడుగున నల్లటి మచ్చ పడి లోపలికి కుంగిపోతుంటే పురుగు మందు కొట్టకండి. ఒకరోజు ఎండగట్టి, ఒకరోజు ముంచెత్తితే కాయకు కాల్షియం అందదు, అందుకే అలా నల్లబడుతుంది. చిన్న కుండీల్లో ఇది బాగా కనబడుతుంది, ఎందుకంటే అవి రోజూ ఎండి రోజూ తడుస్తాయి. పూతంతా రాలిపోతోందంటే మాత్రం అది వేరే కథ. రాత్రులు కూడా వేడిగా ఉంటే టమాటా పిందె కట్టదు. ఏ పాత్రలో పెట్టినా మేలో అంతే.

బరువు గురించి చెప్పకుండా వదలలేను. మనుషులు తిరిగే డాబాకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్క చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. నా 12 అంగుళాల బ్యాగు తడి మీద 20 కిలోలు తూగింది. చదరపు మీటరులో తొమ్మిది బ్యాగులు ఇరికిస్తే 180. దాటిపోయాం. కుండీ 17 కిలోలు, అందులో ఉత్త కుండీయే 6. అంటే కుండీలో మోస్తున్న బరువులో మూడోవంతు మొక్కకు పనికిరానిది. ఏదైనా సరే, డాబా మధ్యలో గుంపుగా పెట్టకండి. కింద గోడలు, దూలాలు వెళ్లే వరుసలోనే పెట్టండి. పాత ఇల్లయితే ముందు ఇంజినీరుకు చూపించండి.

బ్యాగులు ఎన్నాళ్లొస్తాయని అడుగుతారు. మా డాబా మీద అల్లిక బ్యాగులు నాలుగో వేసవికి అంచులు పొడిపొడిగా రాలాయి. చేత్తో నలిపితే పెళుసుగా విరిగిన రోజే తీసేయాలి, లేకపోతే ఆ ప్లాస్టిక్ పొడి మట్టిలోనే కలుస్తుంది. కుండీ పగలకపోతే పిల్లల కాలం దాకా ఉంటుంది. అందుకే మా కరివేపాకు ఇప్పటికీ పెద్ద మట్టి తొట్టిలోనే ఉంది. దాన్ని నాలుగేళ్లకోసారి పెకలించి మార్చడం నాకిష్టం లేదు. పాలకూర, కొత్తిమీర కూడా వెడల్పాటి మట్టి మూకుళ్లలోనే చల్లుతాను. వాటి వేళ్లు పైపైనే ఉంటాయి, చల్లదనం బాగా నచ్చుతుంది, సాయంత్రం రెండోసారి చిలకరిస్తే చాలు. వంగ, బెండ, టమాటా, బీర మాత్రం తెల్ల బ్యాగుల్లోకి మార్చేశాను. బీరకు ఇంకా పెద్దది, 18 అంగుళాలది.

ఆ రెండు వంగ మొక్కల సంగతి చెప్పాలి కదా. కుండీలోదానికి పొద్దునా మధ్యాహ్నమూ నీళ్లు పోసినన్నాళ్లూ ఆకు నిగనిగలాడుతూ బ్యాగుదానికంటే బాగుంది. జూన్ మొదట్లో పెళ్లికని రెండు రోజులు ఊరెళ్లాం. వచ్చేసరికి కుండీ మొక్క కొమ్మలు ఎండి, పిందెలన్నీ రాలి ఉన్నాయి. బ్యాగుది వాడిందిగాని రాత్రి నీళ్లు పోస్తే తెల్లారేసరికి లేచింది. ఆ కుండీ, ఆ బ్యాగు ఈ బల్ల మీద పెట్టాను. రెండింటికీ పొద్దున ఆరింటికి ఇంట్లో ఒకేసారి నీళ్లు పోసి, ఇప్పటిదాకా బయట ఎండలోనే ఉంచాను. వచ్చి ఒక్కొక్కరూ పడమటి వైపు గీత గీసిన చోట మట్టిలో వేలు పెట్టి చూడండి, తర్వాత రెండూ ఎత్తి చూడండి. మీ డాబా మీద ఎండ ఏ వైపు నుంచి ఎన్ని గంటలు పడుతుందో చెబితే, మీకు ఏది ఎక్కడ పెట్టాలో కూర్చుని మాట్లాడుకుందాం.