పెద్ద గ్రీన్ క్యాండిల్ చూసి కొనేస్తున్నారా? ముందు ఈ కాగితం నింపండి

యాంకర్: గంటలో 30 శాతం పెరిగిన క్రిప్టో కాయిన్, చార్ట్‌లో పెద్ద గ్రీన్ క్యాండిల్, గ్రూపుల్లో ఒకటే హడావుడి. మనమే మిస్సైపోతున్నామన్న టెన్షన్‌లో చెయ్యి ఎలా ఆగుతుంది సార్?

ట్రేడర్: 2021 మే గుర్తుందా అండీ? ఇలాన్ మస్క్ అమెరికాలో ఓ టీవీ షోకి వస్తున్నాడని ముందే అందరికీ తెలుసు, ఆ ఊపులోనే డోజ్‌కాయిన్ 70 సెంట్లు దాటింది. తీరా షో మొదలయ్యాక పడటం మొదలెట్టి 50 సెంట్ల కిందికి వచ్చేసింది. చివర్లో ఎగబడి కొన్నవాళ్లు ఇరుక్కుపోయారు. అందుకే నా చెక్‌లిస్ట్‌లో మొదటి ప్రశ్న, ఈ క్యాండిల్ రాకముందే ఈ కాయిన్ నా వాచ్‌లిస్ట్‌లో ఉందా? లేకపోతే ఈరోజు కొనేది లేదు. రెండోది, క్యాండిల్ క్లోజ్ అయిందా? సగంలో ఉండగా పచ్చగా కనిపించింది, క్లోజయ్యేసరికి ధర పైకెళ్లి దిగిపోయిందని చూపే పొడుగాటి విక్ మాత్రమే పైన మిగలొచ్చు.

యాంకర్: రెండింటికీ అవుననే అన్నాం. అప్పుడు కొనేయొచ్చా?

ట్రేడర్: ఆగండి, అసలైన లెక్క మూడోది. 100 దగ్గర మొదలైన కాయిన్ 130కి వచ్చింది అనుకుందాం. ధర పడితే నష్టం పెరక్కుండా అమ్మేసే చోటు, అంటే స్టాప్, ఆ క్యాండిల్ అడుగున 98 దగ్గర పెట్టాం. అంటే కాయిన్‌కి 32 రూపాయల రిస్క్. మన దగ్గరున్నది లక్ష, ఒక ట్రేడ్‌లో 1 శాతం, అంటే వెయ్యికి మించి పోగొట్టుకోకూడదని రూల్. వెయ్యిని 32తో భాగిస్తే 31 కాయిన్లు, సుమారు 4 వేల రూపాయల సరుకు. ఆవేశంలో 50 వేలకు కొంటే అదే స్టాప్ దగ్గర 12 వేలు పైనే పోతాయి.

యాంకర్: స్టాప్‌ని 125కి తెచ్చుకుంటే ఎక్కువ కొనొచ్చు కదా?

ట్రేడర్: చాలామంది చేసేది అదే, అంత ఊపులో ఉన్న కాయిన్ 5 రూపాయలు అటూఇటూ ఊగడం మామూలే, స్టాప్ కొట్టేసి మళ్లీ పైకి పోతుంది. అదే ధర 110కి దిగి అక్కడ నిలబడిందనుకోండి, స్టాప్ 104 దగ్గర పెడితే అదే వెయ్యి రిస్క్‌తో 18 వేల సరుకు కొనొచ్చు. ఒక్క మాట, కొనేవాళ్లు తక్కువున్న చిన్న కాయిన్‌లో స్టాప్ అనుకున్న ధరకే పడుతుందన్న గ్యారంటీ లేదు, అక్కడ కొనేది ఇంకా తగ్గించాలి.

చార్టర్డ్ అకౌంటెంట్: పన్ను సంగతి కూడా చూడాలండీ. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు. దీంట్లో 12 వేలు పోయి దాంట్లో 12 వేలు వస్తే చేతిలో మిగిలేది సున్నా, పన్ను మాత్రం 3,600 కట్టాల్సిందే.

యాంకర్: మనం ఆగిన కాయిన్ 160కి వెళ్లిపోతే?

ట్రేడర్: వెళ్లనివ్వండి. అక్కడ కూడా ఇదే కాగితం, స్టాప్ ఎక్కడో రాసి, వెయ్యిని కాయిన్‌కి వచ్చే రిస్క్‌తో భాగించండి. ఇంకా తక్కువ కాయిన్లు వస్తాయి. అంత తక్కువకి కొనడం ఇష్టం లేకపోతే ఆర్డర్ పెట్టకండి.