పెళ్లి మండపంలో రెండు రోజుల వైఫై: పెట్టడం, పెళ్లయ్యాక తీసేయడం

నమస్కారం అండీ. పెళ్లి మండపంలో రెండు రోజుల కోసం వైఫై ఎలా పెట్టాలి, పెళ్లి అయిపోయాక దాన్ని ఎలా తీసేయాలి, రెండూ ఈ వీడియోలోనే చూపిస్తాను. తీసేయడం దగ్గర చాలామంది వైరు పీకేసి అయిపోయింది అనుకుంటారు. అది చాలదు. ఎందుకు చాలదో చివర్లో చూద్దాం.

ఇప్పుడు నేను చూపించేది మా పెదనాన్న కూతురి పెళ్లికి పెట్టిన సెటప్. తిరుపతిలో మండపం, రాత్రి రిసెప్షన్, తెల్లవారుజామున ముహూర్తం. మూడు వందల మంది ఒక్కచోట చేరేసరికి ఫోన్లలో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా వీడియో కాల్ కదలదు. రాలేకపోయిన వాళ్లకు లైవ్ పెట్టాలి, పెద్దవాళ్లు ఫోన్లో అక్షింతలు చూడాలి. అందుకే వైఫై. ఫోన్ హాట్‌స్పాట్ సరిపోదా అని అడుగుతారు. చాలా ఫోన్లలో పది మందితో ఆగిపోతుంది, కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి.

కావాల్సింది ఇంట్లో ఉండే మామూలు రౌటర్ ఒకటి, కాస్త పొడవైన నెట్ కేబుల్ ఒకటి. మండపం ఆఫీసు గదిలో ఫైబర్ బాక్స్ ఉంది, చూడండి. మేనేజర్ గారిని ముందురోజే అడిగి పెట్టుకున్నాం. ఆ బాక్సులో ఖాళీగా ఉన్న లాన్ పోర్టు నుంచి కేబుల్ తెచ్చి మన రౌటర్ వాన్ పోర్టులో గుచ్చాలి. ఇదిగో, ఈ వేరే రంగు పోర్టు. మండపం వాళ్ల వైఫై పాస్‌వర్డ్ మనం అడగక్కర్లేదు, వాళ్ల సెట్టింగ్స్ ముట్టుకోనక్కర్లేదు. ఒక్కటి చూసుకోండి. వాళ్ల బాక్స్ అడ్రస్ 192.168.1.1, మన రౌటర్ 192.168.0.1. రెండూ ఒకటే అయితే నెట్ రాదు, అప్పుడు మనది మార్చుకోవాలి. ఇక్కడ వేరువేరుగానే ఉన్నాయి, ముందుకు వెళ్దాం.

బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి మన రౌటర్ పేజీ తెరిచాను. ఇంకేదీ మార్చకముందే ఇక్కడ `Backup & Restore` ఉంది కదా, `Backup` నొక్కండి. చిన్న ఫైల్ ఒకటి దిగుతుంది. మన ఇంటి సెట్టింగ్స్ మొత్తం ఆ ఫైల్లో ఉంటాయి. దీన్ని ల్యాప్‌టాప్‌లో పెళ్లి ఫోల్డర్‌లో వేసి పెట్టుకోండి. ఈ పని నాకు చాలా ఇష్టం, ఎందుకంటే చివర్లో అరగంట పని అర నిమిషంలో అయిపోతుంది.

ఇప్పుడు `Guest Network`. దీన్ని ఆన్ చేస్తున్నాను. పేరు `Pelli2Rojulu`. పేరు ఎలా ఉన్నా పర్వాలేదు, ఫోన్లో కనిపించిన దాన్ని నొక్కుతారు అంతే. ఇంటి వైఫై పేరు మాత్రం పెట్టకండి. సెక్యూరిటీ `WPA2`. పాస్‌వర్డ్ కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి. నేను పెట్టింది `mangotree22`, అన్నీ చిన్న అక్షరాలే. మన తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టొద్దు. లక్ష్మి అంటే ఒకరు కెఎస్‌హెచ్ కొడతారు, ఒకరు ఎక్స్ కొడతారు. వధువు పేరు అనుకుని పెడితే రాత్రంతా స్పెల్లింగ్ చెప్పడమే పని. మ్యాంగో ట్రీ, టూ టూ. మైకులో ఒకసారి చెబితే అర్థం కావాలి. ఇంట్లో వాడే పాస్‌వర్డ్, ఎవరిదైనా ఫోన్ నంబర్, ఇవి కూడా వద్దు.

కింద రెండు టిక్కులు ఉన్నాయి: అతిథులు ఒకరి ఫోన్ ఒకరు చూడొచ్చా, మన లోపలి నెట్‌వర్క్‌లోకి రావొచ్చా అని. రెండూ తీసేయండి. సేవ్. లైవ్ ల్యాప్‌టాప్‌ని వైఫైలో పెట్టొద్దు, రౌటర్‌కి కేబుల్ వేసేయండి.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. ఇప్పుడు చెప్పేదాని దగ్గర కాస్త ఆగండి, నాకు ఇక్కడే దెబ్బ తగిలింది. ఇంతకుముందు మా బంధువుల ఇంట్లో ఇంకో పెళ్లికి ఇలాగే పెట్టాను. రాత్రి రిసెప్షన్ బ్రహ్మాండంగా నడిచింది. తెల్లవారి నాలుగింటికి పుత్తూరు, మదనపల్లె నుంచి బస్సు దిగిన వాళ్లు ఒక్కొక్కరూ వచ్చి, "నాయనా, వైఫై పట్టుకోవడం లేదు" అంటున్నారు. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది. సిగ్నల్ నిండుగా ఉంది. ఫోన్లో మాత్రం `Obtaining IP address` అని తిరుగుతూనే ఉంది. అదే సమయంలో రాత్రి నుంచి ఉన్న వాళ్లకు నెట్ చక్కగా వస్తోంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి: పాతవాళ్లకు వస్తోంది, కొత్తవాళ్లకు రావడం లేదు. కొత్తగా ఒక ల్యాప్‌టాప్ కలిపి చూస్తే దానికి 169.254 తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది. అంటే రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదు, ల్యాప్‌టాప్ తనంతట తనే ఒకటి వేసుకుంది.

ఏం జరిగిందంటే, వచ్చిన ప్రతి ఫోన్‌కూ రౌటర్ ఒక అడ్రస్ ఇస్తుంది. సత్రంలో గది తాళం ఇచ్చినట్టు. ఇదిగో, `DHCP Server` పేజీ చూడండి. 192.168.0.100 నుంచి 192.168.0.199 వరకు. అంటే నూరు తాళాలు. కింద `Address Lease Time` 1440 అని ఉంది. నిమిషాలు అవి, అంటే ఇరవై నాలుగు గంటలు. ఫోన్ మండపం వదిలి వెళ్లిపోయినా తాళం వెనక్కి ఇవ్వదు. రాత్రి భోంచేసి ఇళ్లకు వెళ్లిన వాళ్లు, దర్శనానికి కొండకు వెళ్లిన వాళ్లు, వాళ్ల ఫోన్లన్నీ తాళాలు జేబులో వేసుకుని వెళ్లాయి. తెల్లవారేసరికి మండపంలో నలభై మందే ఉన్నారు, రౌటర్ దగ్గర మాత్రం ఒక్క తాళం లేదు. ఆరోజు కంగారులో రౌటర్ ఆపి మళ్లీ వేశాను. అది పాత లెక్క మరిచిపోయి అందరికీ కొత్తగా ఇవ్వడం మొదలుపెట్టింది, కానీ సరిగ్గా తాళి కట్టే సమయంలో లైవ్ రెండు నిమిషాలు పోయింది. ఆ రెండు నిమిషాలు దూరాన ఉన్న వాళ్లు చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి రెండు మార్పులు. మొదటిది, 10 నుంచి 250 వరకు చేయండి:

```
Start IP:    192.168.0.10
End IP:      192.168.0.250
Lease Time:  60
```

ఇప్పుడు 241 అడ్రస్‌లు. రెండోది, టైం 60 నిమిషాలు. ఉన్నవాళ్ల ఫోన్ గంట అయ్యేలోపే, సగం సమయానికే, మళ్లీ అడిగి పొడిగించుకుంటుంది. వాళ్లకు తెలియను కూడా తెలియదు. వెళ్లిపోయిన వాళ్లది గంటలోపు ఖాళీ అయిపోతుంది. ఈ రెండింట్లో ఒక్కటే చేయగలిగితే టైం మార్చండి. చాలా ఇంటి రౌటర్లలో గెస్ట్ ఫోన్లకు కూడా అడ్రస్‌లు ఈ పేజీ నుంచే వెళ్తాయి. మీ రౌటర్‌లో గెస్ట్‌కి వేరే పేజీ ఉంటే అక్కడ మార్చండి. ఇంకో మాట, 241 అడ్రస్‌లు ఉన్నాయంటే 241 మంది వీడియోలు చూడగలరని కాదు. ఇంటి రౌటర్ మీద ముప్పై నలభై మంది ఒకేసారి గట్టిగా వాడితే నెమ్మదిస్తుంది. పెద్ద హాలైతే రెండో రౌటర్ చూసుకోవాల్సిందే.

క్యూఆర్ కోడ్ కూడా చేసేద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై దగ్గర షేర్ నొక్కితే అదే వస్తుంది. లేదంటే ఈ వరుసతో ఏ క్యూఆర్ యాప్‌లోనైనా చేసుకోవచ్చు:

```
WIFI:T:WPA;S:Pelli2Rojulu;P:mangotree22;;
```

చివర రెండు సెమీకోలన్లు మరిచిపోవద్దు. కోడ్ కింద పాస్‌వర్డ్ కూడా పెద్ద అక్షరాలతో ప్రింట్ వేయండి, పెద్దవాళ్లు స్కాన్ చేయరు. నేను నాలుగే కాగితాలు వేశాను, గుమ్మం దగ్గర రెండు, భోజనాల హాల్లో రెండు. ఎన్ని అంటించామో లెక్క ఉండాలి.

కరెంటు సంగతి ఒక్క మాట. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు రౌటర్ ఆగి మళ్లీ లేస్తుంది. చిన్న రౌటర్ యూపీఎస్ దొరుకుతుంది, అది పెట్టండి. కొనేముందు మీ అడాప్టర్ మీద 9 వోల్టులా 12 వోల్టులా చదువుకోండి. మండపం ఫైబర్ బాక్స్ కూడా బ్యాటరీ మీద ఉందో లేదో అడగండి, మనది ఒక్కటే వెలుగుతూ ఉంటే నెట్ రాదు.

సరే, పెళ్లి అయిపోయింది. అప్పగింతలు అయ్యాయి. ఇప్పుడు తీసేయాలి. వైరు పీకి రౌటర్ ఇంటికి తెచ్చి ప్లగ్‌లో పెట్టారనుకోండి, `Pelli2Rojulu` మళ్లీ లేస్తుంది. మూడు వందల మందికి తెలిసిన పాస్‌వర్డ్‌తో, మీ ఇంట్లో, మీ నెట్ మీద. పెళ్లికి వచ్చిన పక్కింటి వాళ్ల ఫోన్లు వాటంతట అవే కలిసిపోతాయి, ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు. ఆ లైన్ మీ పేరు మీద ఉంది, అందులో ఎవరేం చేసినా అడిగేది మిమ్మల్నే.

అందుకని మండపంలోనే చేసేయండి. ముందు లైవ్ వాళ్లను, ఫొటోగ్రాఫర్‌ను అడగండి, "అన్నా, అప్‌లోడ్ ఏమైనా నడుస్తోందా?" అని. లేదని చెబితే `Restore`, మొదట్లో దాచిన ఫైల్, ఓకే. రౌటర్ ఆగి లేస్తుంది. చూడండి, గెస్ట్ పోయింది, అడ్రస్‌లు మళ్లీ 100 నుంచి 199, టైం 1440, అన్నీ పాతవే. రౌటర్ పేజీ పాస్‌వర్డ్ కూడా పాతదే తిరిగి వస్తుంది. రెండు రోజుల్లో సాయం చేసే కుర్రాళ్లకు అది చెప్పి ఉంటే ఇప్పుడే కొత్తది పెట్టండి.

ఫోన్ తీసి వైఫై జాబితా చూడండి, పేరు కనిపించకూడదు. మన ఇంట్లో వాళ్ల ఫోన్లలో `Forget` నొక్కించండి. ఆ పేరు, ఆ పాస్‌వర్డ్ తెలిసిన వాళ్లెవరైనా రేపు ఇంకెక్కడో అదే వైఫై పెడితే, మన ఫోన్ మనదే అనుకుని దానికి కలిసిపోతుంది. అందుకే తర్వాతి శుభకార్యానికి కూడా ఇదే పేరు వాడకండి, కొత్తది పెట్టండి.

ఇక కాగితాలు. గుమ్మం దగ్గర రెండు. భోజనాల హాల్లో ఒకటి... నాలుగోది ఇదిగో, చేతులు కడుక్కునే చోట ఎవరో మార్చి అంటించారు. నాలుగూ వచ్చేశాయి. కేబుల్ చుట్టేసి, ఆఫీసు గదిలో పోర్టు ఖాళీ చేసి, మేనేజర్ గారికి చెప్పి బయల్దేరుతున్నాం.