మెత్తబడిన చిరుతిండికి మళ్లీ కరకర

శ్రోతలందరికీ నమస్కారం.

నూనెలో వేయించిన చిరుతిండి రాత్రి మిగిలిపోతే ఫ్రిజ్‌లో పెడతాం. మర్నాడు దాన్ని మైక్రోవేవ్‌లో వేడి చేస్తే పొగలు కక్కుతూ బయటికి వస్తుంది గానీ, కొరికితే తెగకుండా సాగుతుంది. అదే చిరుతిండిని ఓవెన్‌లోనో ఎయిర్ ఫ్రయర్‌లోనో పెడితే మొదటి కరకర చాలావరకు తిరిగి వస్తుంది. మూడూ వేడి చేసే యంత్రాలే. పదార్థంలో ఉన్న నీటిని ఏది ఎటు నడిపిస్తుందన్నదే వాటి మధ్య తేడా. ఇవాళ ఆ నీటి సంగతే చెబుతాను.

ముందు, వేయించేటప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. కాగిన నూనె సుమారు 170 నుంచి 190 డిగ్రీల వేడిలో ఉంటుంది. పిండి పూసిన ముక్క అందులో పడగానే పైపొరలోని నీరు మరిగి బుడగలుగా బయటికి పోతుంది. మనకు వినిపించే సలసల శబ్దం ఆ ఆవిరిదే. నీరు పోయిన చోట సన్నని ఖాళీలు మిగులుతాయి, వాటి చుట్టూ పిండి గట్టిపడుతుంది. పొడిగా, పెళుసుగా ఉన్న ఆ పొరే కొరికినప్పుడు విరిగి చప్పుడు చేస్తుంది. లోపలి భాగం మాత్రం తడిగానే ఉంటుంది.

తడి లోపల, పొడి బయట ఉన్నప్పుడు ఆ ఏర్పాటు ఎక్కువసేపు నిలవదు. లోపలి తేమ మెల్లగా పైపొరలోకి పాకుతుంది. వేడిగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత బిగిస్తే పని ఇంకా త్వరగా చెడుతుంది, ఎందుకంటే ఆవిరి మూతకు తగిలి నీరై మళ్లీ ముక్కల మీదే పడుతుంది. అందుకే దాచదలచుకున్న వాటిని ముందు కమ్మీల తట్ట మీద ఆరనివ్వాలి. ఆరాక, వండిన రెండు గంటలు దాటకముందే ఫ్రిజ్‌లోకి చేర్చాలి. అంతకన్నా ఎక్కువసేపు బయట ఉన్న వాటిని ఎంత బాగా వేడి చేసినా తినడం క్షేమం కాదు.

ఇప్పుడు మైక్రోవేవ్ దగ్గరికి వద్దాం. దాని తరంగాలు ప్రధానంగా పదార్థంలోని నీటినే కదిలించి వేడెక్కిస్తాయి. నీరు ఎక్కువగా ఉన్నది లోపల కాబట్టి ఆవిరి అక్కడే పుట్టి, బయటికి దారి వెతుక్కుంటూ పైపొర గుండా వస్తుంది. పెట్టెలోని గాలి మాత్రం వేడెక్కదు. ఆ గాలికి పైపొరను ఆరబెట్టే శక్తి లేదు. లోపలి నుంచి వచ్చిన తేమను పైపొర పీల్చుకుని నానిపోతుంది. అంతసేపూ దాని వేడి నీరు మరిగే 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఇంకో నిమిషం పెడితే బాగుపడుతుందనుకుంటాం గానీ, పెట్టిన కొద్దీ లోపలి భాగం ఎండిపోయి, చల్లారాక మొత్తం గట్టిగా, నమలలేనట్టుగా తయారవుతుంది. మైక్రోవేవ్ చెడ్డదని నేననను. ఈ పని దానికి తగినది కాదు, అంతే.

ఓవెన్‌లో వేడి బయటి నుంచి లోపలికి ప్రయాణిస్తుంది. 200 డిగ్రీల పొడి గాలి మొదట తాకేది పైపొరనే. అందులో చేరిన తేమ ముందు ఎగిరిపోతుంది, పొరలో మిగిలి ఉన్న నూనె కరిగి కాగుతుంది, పొర మళ్లీ బిగుస్తుంది. ఎయిర్ ఫ్రయర్ కూడా నిజానికి చిన్న ఓవెనే. దాని ఫ్యాను గాలిని బలంగా తిప్పుతుంది. గాలి వీచే చోట తడి బట్ట త్వరగా ఆరినట్టే, ఇందులో పైపొర తొందరగా ఆరుతుంది. అందుకే కొన్ని ముక్కలకు ఎయిర్ ఫ్రయరే మేలని నా అభిప్రాయం. పెద్ద కుటుంబానికి సరిపడా ఒకేసారి వేడి చేయాలంటే ఓవెన్‌ను మించినది లేదు. ఎయిర్ ఫ్రయర్ బుట్టలో ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చితే గాలి తిరగక, మధ్యలో ఉన్నవి ఆవిరికి నానుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బ్రెడ్ పొడి అద్ది వేయించిన బంగాళదుంప కట్లెట్‌లు నాలుగు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్నవి, ఫ్రిజ్‌లో ఉన్నాయి. వీటిని నేరుగా బాగా కాగిన ఎయిర్ ఫ్రయర్‌లో పెడితే ఒక చిక్కు వస్తుంది. పైపొర ఎర్రబడిపోతుంది, మధ్యలో దుంప ఇంకా చల్లగానే ఉంటుంది. ఇక్కడే మైక్రోవేవ్ చిన్న సాయం చేయగలదు. మూత పెట్టకుండా, సగం శక్తి మీద 30 లేదా 40 సెకన్లు ఉంచితే చాలు. లోపలి చలి విరగాలి గానీ పొగలు రాకూడదు. ఆ తర్వాత 180 డిగ్రీలకు ముందే వేడెక్కించిన ఎయిర్ ఫ్రయర్‌లో, ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసగా పరచి, నాలుగైదు నిమిషాలు ఉంచాలి. సగంలో ఒకసారి తిప్పాలి. ఈ వరుస తారుమారు కాకూడదు. ముందు మైక్రోవేవ్, తర్వాత వేడి గాలి. మైక్రోవేవ్ పైకి తెచ్చిన తేమను వేడి గాలి ఎగరగొడుతుంది. చివర్లో మైక్రోవేవ్‌లో పెట్టామా, అప్పటిదాకా పడిన శ్రమంతా వృథా.

ఓవెన్ అయితే 200 డిగ్రీలు, ఎనిమిది నుంచి పది నిమిషాలు. ముక్కలను పళ్లెంలో కాక, పళ్లెం మీద పెట్టిన కమ్మీల తట్ట మీద ఉంచాలి. లేకపోతే అడుగు వైపు ఆవిరికి దారి లేక ఆ వైపు మెత్తగా మిగిలిపోతుంది. పైన అల్యూమినియం రేకు కప్పడం కూడా ఇందుకే కూడదు. అదనంగా నూనె పూయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు, పైపొరలో ఉన్నదే సరిపోతుంది.

అయిందని ఎలా తెలుస్తుంది? పైన నూనె సన్నగా చిటపటలాడుతుంటుంది. చెంచా అంచుతో గీస్తే గరగరమని వినిపిస్తుంది. ఒక కట్లెట్‌ను మధ్యలో విరిచి చూస్తే లోపల పొగ రావాలి. ఆహారపు థర్మామీటరు ఉంటే మధ్యలో 74 డిగ్రీలు చూపాలి. రంగు ముదురుతోంది గానీ లోపల చల్లగానే ఉందంటే వేడిని 160కి తగ్గించి ఇంకొన్ని నిమిషాలు ఇవ్వండి. నల్లబడే దాకా పోనివ్వకండి, అప్పుడు వచ్చే చేదును ఏ చట్నీ కప్పిపుచ్చలేదు. బయటికి తీశాక ఒక నిమిషం కమ్మీల మీదే వదిలేస్తే మిగిలిన ఆవిరి పోయి కరకర ఇంకా పెరుగుతుంది.

ఇన్ని జాగ్రత్తలూ లోపల తడి ఉన్న వాటికే. పలుచని బంగాళదుంప చిప్స్ లాంటివి మెత్తబడితే కథ వేరు. వాటి లోపల తడి భాగమంటూ లేదు, డబ్బా మూత సరిగా లేక గాలిలోని తేమ పట్టి ఉంటుంది. కాబట్టి వాటి విషయంలో మైక్రోవేవ్ కూడా బాగానే పనిచేస్తుంది. నీటిని పీల్చే కాగితం మీద పలుచగా పరచి అర నిమిషం ఉంచితే, ఆ కొద్దిపాటి తేమ నేరుగా బయటికి పోతుంది. తీయగానే ఒకటి నోట్లో వేసుకుంటే ఇంకా మెత్తగానే అనిపిస్తుంది. అది చూసి మళ్లీ మళ్లీ వేడి చేయకండి, మాడిపోతాయి. రెండు నిమిషాలు చల్లారనివ్వండి, అవే పెళుసుబారతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోసి మూత బిగించండి.

సెలవు. నమస్కారం.