5'6" నుంచి 167.6 దాకా: ఎత్తును షీట్‌లో సెంటీమీటర్లకు మార్చడం

అందరికీ నమస్కారం.

ఇక్కడున్న వాళ్లలో చాలామంది ఉచిత కోచింగ్ శిబిరాల్లో అభ్యర్థుల వివరాలు నమోదు చేసేవాళ్లే. కాబట్టి మీకు బాగా తెలిసిన ఉదాహరణే తీసుకుంటాను. మన రెండు రాష్ట్రాల్లోనూ కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో సాధారణంగా కనిపించే కనీస ఎత్తు పురుషులకు 167.6 సెంటీమీటర్లు, మహిళలకు 152.5. కొన్ని వర్గాలకు సడలింపు ఉంటుంది, దాని సంగతి ఇప్పుడు వద్దు. నిబంధన సెంటీమీటర్లలో ఉంది. కానీ మన పిల్లల్ని ఎత్తు ఎంతని అడిగితే ఎవరూ సెంటీమీటర్లలో చెప్పరు. 'ఫైవ్ సిక్స్' అంటారు, 'ఐదున్నర అడుగులు' అంటారు, ఇంకొకరు 'ఫైవ్ పాయింట్ ఫైవ్' అంటారు. ఫామ్‌లోనూ అలాగే కొడతారు. అలా వచ్చిన అక్షరాలను షీట్‌లో నమ్మదగిన సెంటీమీటర్లుగా ఎలా మార్చాలన్నదే ఈరోజు విషయం.

లెక్క చిన్నదే. అడుగుకు 12 అంగుళాలు. అంగుళం అంటే సరిగ్గా 2.54 సెంటీమీటర్లు, ఇది ఉజ్జాయింపు కాదు. 1959లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న నిర్వచనమే అది. ఐదడుగుల ఆరంగుళాలంటే 66 అంగుళాలు, దాన్ని 2.54తో గుణిస్తే 167.64. పురుషులకు పెట్టిన 167.6 ఎక్కడి నుంచి వచ్చిందో దీంతో తెలిసిపోతుంది.

ఇబ్బంది లెక్కలో కాదు, రాతలో ఉంది. అన్నింటికంటే ప్రమాదకరమైన రాత చుక్క పెట్టడం. ఒక అబ్బాయి ఐదడుగుల ఐదంగుళాలు. అంటే 165.1 సెంటీమీటర్లు, నిబంధనకు రెండున్నర సెంటీమీటర్లు తక్కువ. అతను 5.5 అని రాశాడు. ఎవరో తొందరలో దాన్ని 30.48తో గుణించేశారు. 167.64 వచ్చింది. అతను సరిగ్గా గీత మీద నిలబడి పాసైనట్టు షీట్ చెబుతుంది. ఎందుకంటే 5.5 అడుగులంటే ఐదున్నర, అంటే ఐదడుగుల ఆరంగుళాలు. ఆ అబ్బాయి నెలల తరబడి పరుగు ప్రాక్టీస్ చేసి, గ్రౌండ్‌లో ఎత్తు కొలిచే దగ్గర వెనక్కి వస్తాడు.

దీనికి తిరగబడ్డ కేసు ఇంకా ఘోరం. ఐదడుగుల పదంగుళాల అబ్బాయి 5.10 అని కొట్టాడు. సెల్ దాన్ని సంఖ్య అనుకుని చివరి సున్నా తీసేస్తుంది, 5.1 మిగులుతుంది. ఇక ఆ సెల్‌ను చూసి అతను ఐదడుగుల ఒక అంగుళమో, పదంగుళాలో ఎవరూ చెప్పలేరు. ఏ ఫార్ములా వేసినా ఆ సున్నా తిరిగి రాదు. 177.8 సెంటీమీటర్ల మనిషి 155 దగ్గర కూర్చుంటాడు. అందుకే కాలమ్‌ను ముందే Plain text లేదా Text ఫార్మాట్‌లో పెట్టాలి, తర్వాతే టైప్ చేయాలి. టైప్ చేశాక ఫార్మాట్ మారిస్తే ప్రయోజనం లేదు. 5-6 అని కొడితే మరో చిక్కు: సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. మన సెట్టింగ్‌లో జూన్ 5 అవుతుంది, అమెరికా సెట్టింగ్ ఉంటే మే 6.

ఇక సరైన రాతకు వద్దాం. A2 సెల్‌లో ఫోన్ నుంచి వచ్చిన ఒక ఎత్తు ఉందనుకోండి: 5’ 6”. చూడ్డానికి బాగానే ఉంది. కానీ కొన్ని ఫోన్లు మామూలు నిట్టనిలువు గుర్తు బదులు వంపు తిరిగిన గుర్తు వేస్తాయి. మన కంటికి రెండూ ఒకటే, ఫార్ములాకు మాత్రం రెండూ వేర్వేరు అక్షరాలు. మధ్యలో ఖాళీ కూడా ఉంది. కాబట్టి ముందు శుభ్రం చేసి B2లో పెట్టుకుందాం.

```
=SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(
 A2," ",""),UNICHAR(8217),"'"),
 UNICHAR(8221),""),CHAR(34),"")
```

లోపలి నుంచి బయటికి చదవండి. మొదట ఖాళీలు పోతాయి. 8217 అంటే ఆ వంపు తిరిగిన ఒంటి గుర్తు, దాన్ని మామూలు గుర్తుగా మారుస్తున్నాం. 8221 వంపు తిరిగిన జంట గుర్తు, అది మనకు అక్కర్లేదు, తీసేస్తున్నాం. CHAR(34) అంటే మామూలు జంట గుర్తు. దాన్ని ఫార్ములాలో నేరుగా రాయాలంటే నాలుగు సార్లు కొట్టాలి, చదివేవాళ్లు తికమక పడతారు, అందుకే CHAR(34) మేలు. ఇదంతా అయ్యాక B2లో 5'6 మాత్రమే మిగులుతుంది.

మీ డేటాలో 5 feet 6 inches లాంటివి కూడా ఉంటే, ముందుగా LOWERతో అన్నీ చిన్న అక్షరాలు చేసి, feet, ft రెండింటినీ ఒంటి గుర్తుగా మార్చండి, inches, in రెండింటినీ తీసేయండి. వరుస మాత్రం తప్పకూడదు. in ముందు తీసేస్తే inchesలో ches అని తోక మిగిలిపోతుంది. పెద్ద మాట ముందు, చిన్న మాట తర్వాత.

ఇప్పుడు విడదీయాలి. C2లో అడుగులు, D2లో అంగుళాలు.

```
=VALUE(LEFT(B2,FIND("'",B2)-1))
```

```
=VALUE("0"&SUBSTITUTE(MID(B2,FIND("'",B2)+1,9),"'",""))
```

FIND ఆ ఒంటి గుర్తు ఎన్నో స్థానంలో ఉందో చెబుతుంది. మన 5'6లో అది రెండో స్థానం. దాని ముందున్నది అడుగు, తర్వాతిది అంగుళం. కొందరు అడగొచ్చు, అడుగులు ఎప్పుడూ ఒక్క అంకే కదా, LEFT(B2,1), MID(B2,3,2) అని నేరుగా రాసుకుంటే పోలా అని. పోదు, ఎందుకో చెబుతాను. ఒకరు గుర్తు మర్చిపోయి 56 అని కొట్టారనుకోండి. ఆ పొట్టి ఫార్ములా మొదటి అక్షరం 5 తీసుకుంటుంది, మూడో స్థానంలో ఏమీ లేదు కాబట్టి, D2 ఫార్ములాలో ముందు అతికించిన "0" ఒక్కటే మిగిలి, అంగుళాలు సున్నా అనుకుంటుంది. 152.4 సెంటీమీటర్లు అని ధీమాగా చెబుతుంది. FIND అయితే గుర్తు కనపడక #VALUE! అని ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ మనకు కావాలి. ఇందాకటి 5.1, తేదీగా మారిన 5-6, ఇవన్నీ అక్కడే ఆగిపోతాయి.

రెండో ఫార్ములాలో "0"& ఎందుకంటే, కొందరు 6' అని రాసి ఊరుకుంటారు. తర్వాత ఏమీ ఉండదు. ఏమీ లేనిదాన్ని VALUE సంఖ్యగా మార్చలేదు. ముందు సున్నా అతికిస్తే ఖాళీ కాస్తా 0 అవుతుంది, 6 ఉంటే 06 అవుతుంది, విలువ మారదు. లోపలి SUBSTITUTE ఎందుకంటే, జంట గుర్తు బదులు ఒంటి గుర్తును రెండు సార్లు కొట్టేవాళ్లు ఉంటారు, 5'6'' అని. ఆ తోకను అది తీసేస్తుంది.

E2లో చివరి లెక్క.

```
=IF(ISERROR(C2+D2),"చూడాలి",
 IF(D2>=12,"చూడాలి",
 ROUND((C2*12+D2)*2.54,1)))
```

అంగుళాలు 12 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది టైపింగ్ పొరపాటే. 5'60 అని ఉంటే 5'6 కావచ్చు, 5'10 కావచ్చు, మనం ఊహించకూడదు. ఇక్కడ చాలామంది IFERROR పెట్టి సున్నా రాయిస్తారు, షీట్ అందంగా కనిపించాలని. అలా చేస్తే సగటు ఎత్తు పడిపోతుంది, ఎవరి వివరం పాడైందో కూడా తెలియదు. 'చూడాలి' అని రాయిస్తే ఫిల్టర్ పెట్టి ఆ పేర్లన్నీ ఒక్కచోట చూసుకోవచ్చు, ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

కానీ ఈ మాటతో ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్తగా వినండి. తర్వాతి కాలమ్‌లో అర్హత చూడ్డానికి E2>=167.6 అని రాస్తే, 'చూడాలి' అన్న సెల్‌కు కూడా TRUE వస్తుంది. ఎక్సెల్ పోలికలో అక్షరాలు ఎప్పుడూ అంకెల కంటే పెద్దవి. అంటే వివరాలు సరిగా లేని ప్రతి ఒక్కరూ అర్హుల జాబితాలో చేరిపోతారు, చడీచప్పుడు లేకుండా. అందుకని ముందు అది సంఖ్యేనా అని అడగాలి.

```
=IF(ISNUMBER(E2),E2>=167.6,"చూడాలి")
```

ఇది పురుషుల వరుసలకు. మహిళల వరుసల్లో 152.5 పెట్టాలి. అక్కడ ఒక సంగతి కళ్లారా చూడండి. సరిగ్గా ఐదడుగులు అంటే 60 అంగుళాలు, 152.4 సెంటీమీటర్లు. నిబంధన 152.5. ఒక్క మిల్లీమీటరు తక్కువ! 'ఐదడుగులు ఉంటే చాలు' అని మనూళ్లలో చెప్పుకునే మాట కాగితం మీద నిలబడదు. అందుకే ROUNDలో ఒక దశాంశ స్థానం ఉంచాను. సున్నా పెట్టి పూర్తి సంఖ్య చేస్తే ఐదడుగుల ఆరంగుళాలు 168 అయిపోతుంది, ఐదడుగులు 152 అవుతుంది, గీత దగ్గర తేడా చెరిగిపోతుంది. రెండు స్థానాలు ఉంచడం కూడా అనవసరం, నిబంధనే ఒక స్థానానికి ఉంది.

ఇంకొకటి, ఫార్ములా ఎంత బాగున్నా దాటలేని హద్దు. ఎవరైనా పూర్తి అంగుళాల్లో 5'6 అని రాశారంటే వాళ్లు దగ్గరి అంగుళానికి సర్దుకుని రాశారు. అసలు ఎత్తు అటూ ఇటూ అరంగుళం, అంటే 1.27 సెంటీమీటర్ల దాకా తేడాగా ఉండొచ్చు. 166.4 నుంచి 168.9 మధ్య ఎక్కడైనా ఉండొచ్చన్నమాట. మన షీట్ 167.6 అని ఒక దశాంశంతో చూపించినంత మాత్రాన ఆ దశాంశం కొలిచినది కాదు, లెక్కలో వచ్చింది. అందుకని నేను చెప్పే పద్ధతి ఇది: E కాలమ్‌లో పురుషులకు 166 నుంచి 169 వరకు, మహిళలకు 151 నుంచి 154 వరకు వచ్చిన వాళ్లందరినీ విడిగా ఒక జాబితా తీయండి. చెప్పులు విప్పించి, గోడకు ఆనుకుని మడమలు నేలకు ఆనేలా నిలబెట్టి, తల మీద అట్టముక్క అడ్డంగా పెట్టి, సెంటీమీటర్ల టేపుతోనే కొలవండి. ఆ అంకెను A కాలమ్‌లోకి ఎక్కించొద్దు, 'కొలిచిన ఎత్తు' అని కొత్త కాలమ్ పెట్టి అందులో రాయండి. చెప్పినది, కొలిచినది పక్కపక్కనే ఉండాలి.

కొత్తగా ఫామ్ తయారు చేస్తున్న వాళ్లకు ఒక మాట. ఎత్తును ఒకే గడిలో అడగొద్దు. అడుగులకు ఒక డ్రాప్‌డౌన్, 4 నుంచి 6 వరకు. అంగుళాలకు మరో డ్రాప్‌డౌన్, 0 నుంచి 11 వరకు పెట్టండి. అప్పుడు ఈ SUBSTITUTEల గొడవే ఉండదు, చివరి గుణకారం ఒక్కటే మిగులుతుంది. ఇప్పటికే వందల పేర్లతో నిండిన పాత షీట్లకు మాత్రం ఈ ఫార్ములాలు వాడండి. ముందు ఒక పది వరుసల మీద వేసి, ఫలితాలను చేతి లెక్కతో సరిచూసుకున్నాకే కిందికి లాగండి. ఆ పదిలో 5'11 ఒకటి, ఒట్టి 6' ఒకటి, వంపు గుర్తులున్నది ఒకటి, గుర్తు లేని 56 ఒకటి తప్పకుండా ఉండేలా చూసుకోండి. మొదటిదానికి 180.3, రెండోదానికి 182.9, చివరిదానికి 'చూడాలి' రావాలి.

ఇప్పుడు మీ షీట్లు తెరవండి, ప్రశ్నలుంటే అడగండి.