ఓ.ఎస్. 112 ఏ హాల్లో పిలుస్తారు? కోర్టు ఆవరణలో మన కేసును వెతుక్కునే తీరు

[దృశ్యం: చేతిలో మడతలు పడిన సమన్లు. వెనక కోర్టు గేటు, జనం.]

నమస్కారం. నేను కర్నూల్లో వకీలు గుమాస్తాను. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా కోర్టు ఆవరణలో నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఈ కేసు యాడ పిలుస్తారు?" కాగితం చూపిస్తారు, నంబరు మీద వేలు పెడతారు. ఆ వేలు పెట్టే చోటే పొరపాటు ఉంది. ఈ వీడియో దాని గురించే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఓర్వకల్లు పక్క పల్లెలో ఒక రైతు. పొలం గట్టు మీద పక్కాయన దావా వేసినాడు. సమన్లు వచ్చినాయి, దాని మీద ఓ.ఎస్. నంబరు 112/2023 అని ఉంది. ఓ.ఎస్. అంటే ఒరిజినల్ సూట్, సివిల్ దావా. కోర్టుకు పోయి ఎదురుపడిన వాళ్లకు ఆ నంబరు చూపించినాడు. ఒకాయన "అదిగో, ఆ హాలు" అన్నాడు. అక్కడ కాజ్ లిస్టులో, అంటే ఆ రోజు పిలిచే కేసుల జాబితాలో, నిజంగానే 112/2023 ఉంది. రైతు బెంచీ మీద కూర్చున్నాడు, మధ్యాహ్నం దాకా పేరు పిలవలేదు. ఎందుకు పిలుస్తారు? ఆ 112 వేరే వాళ్లది.

[స్క్రీన్ మీద: ఒకే నంబరు, రెండు కోర్టులు, వేర్వేరు పార్టీలు.]

చాలామందికి తెలియనిది ఇదే. దావా నంబర్లు ఆవరణకంతా కలిపి వేయరు. ఏ కోర్టుకు ఆ కోర్టు, ఏటా ఒకటి నుంచి మొదలుపెట్టి వేసుకుంటుంది. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఒక 112 ఉంటే, సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇంకో 112 ఉండొచ్చు. కాబట్టి నంబరు సగం అడ్రసే. మిగతా సగం సమన్లు పైభాగంలో ఉంటుంది, కోర్టు పూర్తి పేరు: ప్రిన్సిపల్ జూనియర్ సివిల్ జడ్జి, లేదా అదనపు జూనియర్ సివిల్ జడ్జి, అట్లా. "ప్రిన్సిపల్", "అదనపు", "మొదటి", "రెండో" అనే మాటలు ఒట్టి హోదా మాటలు కావు. ఆ ఒక్క మాట మారితే హాలు మారుతుంది, జడ్జి మారతారు.

ముందురోజు ఇంట్లోనే ఫోన్లో చూసుకుంటే ఈ తిప్పలు తగ్గుతాయి. eCourts Services అనే యాప్ ఉంది, వెబ్‌సైటు అయితే services.ecourts.gov.in. కాగితం మీద సి.ఎన్.ఆర్. నంబరు ఉంటే అదే కొట్టండి. అది ప్రతి కేసుకూ కంప్యూటర్లో ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం పదహారు ఉండే నంబరు, మొదటి రెండూ రాష్ట్రం, మన దగ్గర AP. దేశంలో ఆ నంబరుతో ఇంకో కేసు ఉండదు. సి.ఎన్.ఆర్. లేకపోతే Case Status లోకి పోయి రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని పార్టీ పేరుతో వెతకండి. పేరు మొత్తం కొట్టొద్దు. ఇంగ్లీషులో మన పేర్లు ఒక్కో గుమాస్తా ఒక్కో రకంగా రాస్తాడు. మొదటి మూడు నాలుగు అక్షరాలు చాలు, సంవత్సరం సరిగ్గా ఇవ్వండి.

కేసు దొరికినాక Next Hearing Date కింద వాయిదా తేదీ, Court Number and Judge అన్న వరుసలో కోర్టు పేరు కనబడతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. కోర్టు పేరుకు ముందు ఒక అంకె ఉంటుంది. అది కంప్యూటర్లో కోర్టుకిచ్చిన వరుస నంబరు, గది తలుపు మీద ఉన్న నంబరు కావాలని లేదు. ఆ అంకె పట్టుకుని గదుల వెంట తిరగొద్దు, పేరు పట్టుకోండి.

జిల్లా పేరు దగ్గర కూడా చాలామంది తికమక పడతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినాయి: కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కడప, చిత్తూరు జిల్లాల భాగాల నుంచి అన్నమయ్య. కలెక్టరేట్ మారినంత మాత్రాన అదే రోజు కోర్టు హద్దులు మారవు. కొత్త జిల్లా పేరుతో కేసు దొరకకపోతే పాత జిల్లా కింద వెతకండి.

[దృశ్యం: హాలు తలుపు పక్కన అతికించిన కాజ్ లిస్టు మీద వేలు.]

ఇప్పుడు ఆవరణలోకి వద్దాం. పది గంటలకల్లా చేరండి. కోర్టు పేరు బోర్డు చూసి హాలు దగ్గరికి పోయినాక, తలుపు దగ్గర అతికించిన ఆ రోజు కాజ్ లిస్టులో మూడూ చూడండి: నంబరు, సంవత్సరం, ఇద్దరు పార్టీల పేర్లు. పేర్లు కలిస్తేనే మీ కేసు. జడ్జి బెంచి ఎక్కకముందే బెంచ్ క్లర్కును గానీ అటెండర్ను గానీ "సార్, ఈ కేసు ఈ కోర్టుదేనా, ఈరోజు ఈడనే పిలుస్తారా?" అని అడగండి. ఆ రెండో ప్రశ్న ముఖ్యం. జడ్జి సెలవులో ఉంటే వేరే జడ్జి ఇన్‌చార్జిగా చూస్తారు, పిలుపు పక్క హాల్లో కావొచ్చు. బోర్డు సరిగ్గానే ఉంటుంది, మీరూ సరిగ్గానే కూర్చుంటారు, కేసు మాత్రం ఇంకోచోట పిలిచేసి ఉంటారు.

మన రైతు విషయంలో అదే దెబ్బ పడేది. పిలిచినప్పుడు ప్రతివాది పలకకపోతే ఎక్స్‌పార్టీ చేయొచ్చు, అంటే ఆయన లేకుండానే కేసు విచారించొచ్చు. అట్లయితే కంగారు పడకుండా వెంటనే వకీలుతో దాన్ని రద్దు చేయించే పిటిషన్ వేయించాలి. ఏకంగా డిక్రీ అయిపోయి ఉంటే దానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగ్గా అందక మీకు తెలియకపోయి ఉంటే, తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్క.

సరే, హాలు దొరికింది. అసలు ఈ కోర్టుకు మన ఊరి మీద అధికారం ఉందా? భూమి దావాలో మీ ఇల్లు ఎక్కడుందన్నది కాదు, భూమి ఎక్కడుందన్నదే చూస్తారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 16 అదే చెబుతుంది. దాని తర్వాత దావా విలువను బట్టి జూనియర్ సివిల్ జడ్జా, సీనియర్ సివిల్ జడ్జా, జిల్లా జడ్జా అన్నది తేలుతుంది.

రెండూ తెలుసుకోవడానికి సమన్లతో పాటు వచ్చే దావా కాపీ చాలు. కాపీ రాకపోతే కోర్టు ఆఫీసులో అడగండి. చివర్లో ఆస్తి షెడ్యూలు ఉంటుంది: సర్వే నంబరు, గ్రామం, మండలం, సాధారణంగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరూ ఉంటుంది. దాని పైన ఒక పేరాలో దావా విలువ, ఈ కోర్టుకు అధికారం ఎట్లా వచ్చిందో రాస్తారు. గ్రామం పేరు మీ పాస్ పుస్తకంతో పోల్చి చూడండి. అన్నట్టు, షెడ్యూల్లో కనబడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కోర్టులో భాగం కాదు. దాని హద్దూ కోర్టు హద్దూ ఒకటే అనుకోవద్దు. ఈ.సి., అంటే ఆస్తి మీద లావాదేవీలు చూపే సర్టిఫికెట్, దాని కోసం కోర్టు ఆఫీసులో నిలబడిన వాళ్లను చూసినా, అందుకే చెబుతున్నా.

కోర్టు తప్పు అనిపిస్తే "తర్వాత చెబుదాం" అనుకోవద్దు. ప్రాంతం గురించైనా, విలువ గురించైనా అభ్యంతరం మొదటి అవకాశంలోనే, ఇష్యూలు, అంటే కోర్టు విచారించాల్సిన అంశాలు, ఖరారు చేయకముందే చెప్పాలి. ఆలస్యం చేస్తే అప్పీల్లో ఆ మాట సాధారణంగా నిలబడదు, సెక్షన్ 21 అడ్డం వస్తుంది. అభ్యంతరం నిజమైతే కోర్టు దావాను తిప్పి ఇచ్చి సరైన కోర్టులో వేసుకోమంటుంది.

క్రిమినల్ కేసుకు లెక్క వేరు. పోలీస్ స్టేషన్ను బట్టి మేజిస్ట్రేట్ కోర్టు ఉంటుంది. ఎఫ్.ఐ.ఆర్. పైన స్టేషన్ పేరు చూసి, ఆ స్టేషన్ కోర్టు కానిస్టేబుల్ను అడిగితే ఏ కోర్టో చెప్తాడు.

వకీలు పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎక్కడుందో అడగండి, లేదా 15100 కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

[దృశ్యం: డైరీలో తేదీ రాసుకుంటున్న చెయ్యి.]

బయటికి వచ్చేముందు వాయిదా తేదీ పక్కనే కోర్టు పేరు పూర్తిగా రాసుకోండి. కేసులు ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు బదిలీ అవుతుంటాయి. అందుకే ప్రతి వాయిదాకు ముందురోజు సాయంత్రం యాప్‌లో Court Number and Judge వరుసను మళ్లీ ఒకసారి చూసి, ఆ తర్వాతే బస్సు ఎక్కండి.